అందరూ కలిసి నింపే ట్రాకింగ్ పట్టికకు కాలమ్ నియమాలు, మార్పుల చిట్టా కావాలని టీమ్ లీడ్‌కు మెయిల్: ముసాయిదా చూసి చెప్పగలరు

వంశధార_తీరం, గుణుపురం

అందరికీ నమస్కారం. రాయగడ జిల్లాలోని గ్రామాల నుంచి చేతిపంపుల మరమ్మతు ఫిర్యాదులు సేకరించి, అవి ఎప్పుడు బాగయ్యాయో నమోదు చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను పనిచేస్తున్నాను. గుణుపురం, పద్మపురం, రామనాగుడ, బిస్సంకటక్ బ్లాకుల సిబ్బంది అందరూ ఒకే గూగుల్ షీట్‌లో వరుసలు నింపుతారు. కొందరు ఫోన్‌లో నింపుతారు, కొందరు వారానికి ఒకసారి కాగితం చూసి ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. నెలాఖరున ఆ పట్టికలోని సగటునే మా టీమ్ లీడ్ గారు పైవారికి పంపుతారు. ఆయనది పార్వతీపురం వైపు ఊరు కాబట్టి మెయిల్ తెలుగులోనే రాస్తున్నాను. ముసాయిదా కింద పెట్టాను. చెప్పదలచుకున్నది ఆయనకు సూటిగా అందుతుందో లేదో చూడగలరు.

> విషయం: చేతిపంపుల పట్టికలో రోజుల లెక్క తప్పుతున్న తీరు, అందుకు కావలసిన రెండు ఏర్పాట్లు
>
> గౌరవనీయులైన టీమ్ లీడ్ గారికి నమస్కారములు.
>
> జూన్ నివేదికలో చేతిపంపు బాగుచేయడానికి పట్టిన సగటు రోజులు బాగా ఎక్కువగా కనిపించాయి. పని ఆలస్యం కావడం వల్ల అలా రాలేదు, పట్టికలోకి తేదీలు చేరుతున్న పద్ధతి వల్ల వచ్చింది. పద్మపురం బ్లాకులోని ఒక్క వరుస చూడండి. ఫిర్యాదు తేదీ 07/06/2025, బాగైన తేదీ 10/06/2025. మూడు రోజుల్లో పని ముగిసింది. పక్కన ‘పట్టిన రోజులు’ కాలమ్‌లో మాత్రం 92 అని ఉంది. మన ఫైలు అమెరికా తేదీల పద్ధతిలో అమర్చి ఉండడం వల్ల మొదటి అంకెను నెలగా తీసుకుని, జూలై 6 నుంచి అక్టోబరు 6 వరకు లెక్క కట్టింది. కంటికి మాత్రం మనం కొట్టిన అంకెలే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.
>
> బాగైన తేదీ 20/06/2025 అయిన వరుసల్లో ఇంకో విధమైన నష్టం జరుగుతోంది. ఇరవయ్యో నెల లేదు కనుక ఫైలు దానిని తేదీగా తీసుకోక ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అక్కడ లెక్క కుదరక వచ్చే దోషాన్ని మన సూత్రం ఖాళీగా చూపిస్తుంది. అందువల్ల నెలలో 13వ తేదీ నుంచి చివరి వరకు చేత్తో కొట్టిన ఏ తేదీ ఉన్నా ఆ పని సగటులోకి రావడమే లేదు.
>
> కాబట్టి ప్రతి కాలమ్‌లో ఏమి రాయాలో, ఏ రూపంలో రాయాలో ముందుగా నిర్ణయించి దానిని మార్చకుండా ఉంచాలని, ఎవరు ఏ విలువను ఎందుకు మార్చారో తెలిపే చిట్టా ఒకటి పెట్టాలని కోరుతున్నాను.

నాగావళి_లెక్కలు, రాయగడ

ముసాయిదా బాగుంది గానీ మీ సమస్యకు ఇంత ఏర్పాటు అవసరం లేదని నా అభిప్రాయం. `File` లో `Settings` తెరిచి `Locale` ను `India` కు మార్చండి, తేదీలన్నీ సర్దుకుంటాయి. అక్షరాలుగా మిగిలినవి ఏవో తెలుసుకోవడానికి పక్క కాలమ్‌లో `=ISNUMBER(C2)` పెడితే చాలు, `FALSE` వచ్చినవే తప్పుడు వరుసలు. చిట్టా సంగతికొస్తే, గూగుల్ షీట్‌లో `Version history` ఎలాగూ ఉంది. ఎవరు ఏ రోజు ఏమి మార్చారో అదే చెబుతుంది. ఉన్నదానికి ఇంకో చిట్టా చేర్చమంటే మీ లీడ్ గారు పని పెంచుతున్నారనుకుంటారు.

పర్లాకిమిడి_పాతకాపు

నాగావళి గారు చెప్పినవాటిలో కొంత నిజం ఉంది. అయితే లొకేల్ మార్చే విషయంలో మాత్రం తొందరపడవద్దని కోరుతున్నాను, అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

లొకేల్ మార్చితే ఇకమీదట కొట్టే తేదీలను ఫైలు మన పద్ధతిలో అర్థం చేసుకుంటుంది. ఇప్పటికే లోపల జూలై 6గా నిలిచిపోయిన విలువ మాత్రం జూలై 6గానే ఉంటుంది. తేదీ చూపించే రూపం మారడం వల్ల అది 06/07/2025 అని కనబడుతుంది. నిన్నటిదాకా 07/06 అని చూసిన సిబ్బంది ఈ రోజు 06/07 అని చూసి, ఎవరో తిప్పి రాశారనుకుని ఒక్కో గడిలో చేత్తో దిద్దడం మొదలుపెడతారు. కొన్ని దిద్ది, కొన్ని వదిలేసిన తర్వాత ఏది ఏ స్థితిలో ఉందో ఎవరూ చెప్పలేరు. అందువల్ల ముందు ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టి, లొకేల్ మార్చిన రోజును, గంటను రాసిపెట్టుకున్న తర్వాతే దానిని ముట్టుకోవాలి.

`ISNUMBER` పట్టేది అక్షరాలుగా మిగిలిన తేదీలను మాత్రమే. రోజు 12 లోపు ఉన్న తేదీలు తలకిందులైనా అంకెలుగానే ఉంటాయి కాబట్టి అన్నిటికీ `TRUE` వస్తుంది. మీ 92 రోజుల వరుస కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. తలకిందులైన వాటిని పట్టాలంటే `=DAY(C2)` పెట్టి చూడండి. జూన్‌లో చేత్తో కొట్టినవాటిలో తేదీగా చేరిన ప్రతిదానికీ 6 వస్తుంది, ఎందుకంటే మీరు నెలగా రాసిన 06 లోపల రోజుగా మారిపోయింది. ఒక నెల ఫిర్యాదులన్నీ రకరకాల నెలల ఆరో తేదీనే వచ్చినట్టు కనిపిస్తే అనుమానించవలసిన పని లేదు, తేదీ తిరగబడిందన్నమాటే.

ఇప్పుడు వంశధార గారిని ఒక మాట అడగాలి. మీ సిబ్బంది అందరూ తేదీని చేత్తోనే కొడతారా, లేక గడిని రెండుసార్లు నొక్కితే వచ్చే క్యాలెండర్‌లో ఎంచుకునేవారు కూడా ఉన్నారా?

వంశధార_తీరం

ఇద్దరూ ఉన్నారండీ. బిస్సంకటక్ వారిలో కొందరు ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి ఎంచుకుంటారు. ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కించేవారు చేత్తోనే కొడతారు. ఇంకొక సంగతి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకే జీమెయిల్ ఖాతా తెరిచి ఉంటుంది, ఎవరు కూర్చున్నా అందులోనే నింపుతారు.

పర్లాకిమిడి_పాతకాపు

అయితే మీ మెయిల్‌లో ఉండవలసిన అసలు వాదన ఇదే, ఇప్పుడున్న ముసాయిదాలో అది లేదు.

క్యాలెండర్‌లో జూన్ 7 ఎంచుకుంటే ఫైలు ఏ లొకేల్‌లో ఉన్నా లోపల జూన్ 7గానే చేరుతుంది, అమెరికా పద్ధతిలో ఉన్న ఫైలు దానిని 06/07/2025 అని చూపిస్తుంది. మరొకరు జూలై 6న కూర్చుని చేత్తో 06/07/2025 అని కొడితే అది కూడా లోపల జూన్ 7గానే చేరుతుంది. రెండు గడుల్లో కనిపించే అంకెలు ఒకటే, లోపలి విలువ ఒకటే, నిజమైన రోజులు మాత్రం వేరు. ఈ రెంటినీ విడదీసే సూత్రం ఏదీ లేదు. ఆ వరుసను ఎవరు, ఏ రోజు, ఏ పద్ధతిలో నింపారన్న నమోదు ఉంటేనే చెప్పగలం. అది లేదు కనుక ఆ వరుసలు ఇప్పుడు కాగితంతో సరిచూడవలసినవే. చిట్టా ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరకదు.

`Version history` చాలదా అన్నదానికి కూడా సమాధానం ఇందులోనే ఉంది. అది ఖాతా పేరు చూపిస్తుంది, మనిషిని చూపించదు. ఒకే ఖాతాలో పలువురు కూర్చుంటే అందరూ ఒకరే. పైగా పాత కూర్పులు కొన్నిసార్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గడి మీద కుడి మీట నొక్కి చూసే `Show edit history` లో వరుసలు, కాలమ్‌లు చేర్చడం, తీసేయడం వంటి కొన్ని మార్పులు కనిపించవు. అన్నిటికీ మించి, ఎందుకు మార్చారన్నది ఈ రెండింటిలోనూ ఉండదు.

బరంపురం_బాబాయి

అమ్మా, ఈ వ్యవహారం చూస్తే ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్కించే మనిషి అశ్రద్ధ వల్ల వచ్చినట్టుంది. మెయిల్‌లో అంత లెక్క రాయడం కంటే, ఫలానా వారు తేదీలు సరిగా నింపడం లేదని మర్యాదగా తెలియజేసి, వారిని హెచ్చరించమని కోరితే సరిపోతుంది కదా. పై అధికారికి పొడుగు ఉత్తరం రాస్తే చదవరు.

వంశధార_తీరం

బాబాయి గారూ, మీరు మంచి ఉద్దేశంతోనే చెప్పారు. కానీ ఆ మనిషి తప్పు ఏమీ చేయలేదండీ. మనం బడిలో నేర్చుకున్నట్టే ముందు రోజు, తర్వాత నెల రాశారు. ఏ రూపంలో రాయాలో పట్టికలో ఎక్కడా చెప్పి లేదు. మెయిల్‌లో ఎవరి పేరూ ఉండకూడదన్నది నేను ముందే అనుకున్నాను. పేరు పెడితే లీడ్ గారు ఆ ఒక్కరిని పిలిచి మాట్లాడతారు, పట్టిక మాత్రం అలాగే ఉంటుంది, వచ్చే నెల ఇంకొకరు అదే చేస్తారు.

కిన్వట్_పత్తి, నాందేడ్ జిల్లా

మాది మహారాష్ట్ర సరిహద్దు. ఒక పత్తి కొనుగోలుదారు దగ్గర లెక్కలు రాస్తాను. మాకు తేదీలతో ఇబ్బంది రాలేదు గానీ ‘బరువు’ అన్న కాలమ్‌తో వచ్చింది. సీజన్ మొదట్లో బండితో సహా తూచి, బండి బరువు తీసేసి మిగిలినది క్వింటాళ్లలో రాసేవారు. మధ్యలో కొత్తగా వచ్చిన వారు కిలోలలో రాయడం మొదలుపెట్టారు. 12.4, 1240 రెండూ ఒకే కాలమ్‌లో ఉన్నాయి. అవి చూడగానే తెలిసిపోయాయి కాబట్టి దిద్దుకున్నాం. కానీ ఆ తర్వాత తడి ఎక్కువున్న సరుకుకు కొంత తగ్గించి రాయాలని యజమాని చెప్పారట. ఏ రోజు నుంచి తగ్గించారో ఎవరూ రాసిపెట్టలేదు. రైతు వచ్చి అడిగితే కాలమ్‌లో ఉన్నది తూచిన బరువా, తగ్గించిన బరువా అని ఈ రోజుకీ చెప్పలేకపోతున్నాం. మీ సమస్య అదేనో కాదో తెలియదు, చెప్పాలనిపించింది.

పర్లాకిమిడి_పాతకాపు

కిన్వట్ గారు చెప్పింది వేరే సరుకు గురించే అయినా, ఈ చర్చలో ఇప్పటిదాకా రాని ముఖ్యమైన విషయం అందులో ఉంది. తేదీ తిరగబడితే 92 లాంటి వింత అంకె బయటపడి పట్టిస్తుంది. కాలమ్ అర్థమే మారిపోతే అంకెలన్నీ సహజంగానే కనిపిస్తాయి, ఏదీ పట్టించదు. వంశధార గారూ, మీ పట్టికలో ‘బాగైంది’ అని ఎప్పుడు రాస్తారు? మెకానిక్ వెళ్లి సామాను మార్చి వచ్చినప్పుడా, ఊరివారు నీళ్లు వస్తున్నాయని చెప్పినప్పుడా?

వంశధార_తీరం

మీరు అడిగాక నాలుగు బ్లాకుల వారికీ ఫోన్ చేసి కనుక్కున్నాను. మూడు బ్లాకుల్లో మెకానిక్ వచ్చి వెళ్లిన రోజే రాస్తున్నారు. రామనాగుడ వారు మాత్రం ఊళ్లో ఒకరికి ఫోన్ చేసి, నీళ్లు నిలకడగా వస్తున్నాయని చెప్పించుకున్న తర్వాతే రాస్తున్నారు. వాషర్ మార్చినా రెండు రోజులకే పంపు మళ్లీ ఆగిపోయిన సందర్భాలు చూసి, వారంతట వారే ఆ పద్ధతికి మారారట. ఎప్పుడు మారారో వారికీ ఖచ్చితంగా గుర్తు లేదు. గత నివేదికల్లో రామనాగుడకు ఎక్కువ రోజులు పడుతున్నాయని లీడ్ గారు రెండు మూడు సమావేశాల్లో ప్రస్తావించారు. అందరికంటే శ్రద్ధగా నింపుతున్నవారికే ఆ మాట వచ్చిందని తెలిసి నాకు చాలా బాధ కలిగింది.

నాగావళి_లెక్కలు

లొకేల్ గురించి పాతకాపు గారు చెప్పినది నేను ఒక నకలు ఫైలులో చేసి చూశాను, ఆయన చెప్పినట్టే 06/07 అని మారింది. ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను. అయినా చిట్టాను చేత్తో నింపమంటే ఎవరూ నింపరన్న నా మాట మీద మాత్రం ఉన్నాను. దానికి బదులు ఈ స్క్రిప్టు పెట్టవచ్చు. పట్టిక ఉన్న షీట్‌కు ‘ట్రాకింగ్’ అని పేరు పెట్టి, ‘చిట్టా’ అన్న ఖాళీ షీట్ ఒకటి చేర్చి, `Extensions` లో `Apps Script` తెరిచి అతికించి సేవ్ చేస్తే చాలు, ఎవరు ఏ గడి మార్చినా ‘చిట్టా’ అన్న షీట్‌లో వరుస చేరుతుంది.

```javascript
function onEdit(e) {
  const s = e.range.getSheet();
  if (s.getName() !== "ట్రాకింగ్") return;
  const id = s.getRange(e.range.getRow(), 1).getValue();
  e.source.getSheetByName("చిట్టా").appendRow(
    [new Date(), id, e.range.getColumn(), e.oldValue || "", e.value || ""]);
}
```

గడి చిరునామా బదులు మొదటి కాలమ్‌లోని ఫిర్యాదు సంఖ్యను రాయించాను. ఎవరైనా పట్టికను క్రమం మార్చి అమర్చితే C14 అన్న చిరునామాకు అర్థం ఉండదు, ఫిర్యాదు సంఖ్య మాత్రం వరుసతోపాటే కదులుతుంది.

పర్లాకిమిడి_పాతకాపు

ఫిర్యాదు సంఖ్య రాయించడం చాలా మంచి ఆలోచన. స్క్రిప్టు పెట్టమనే నేనూ అంటాను, దాని హద్దులు తెలుసుకుని పెట్టాలి. పాత విలువ ఒక్క గడి మార్చినప్పుడే అందుతుంది. ఎవరైనా ఇరవై వరుసలు ఒకేసారి అతికిస్తే పాత విలువలు రావు, మీ స్క్రిప్టు మొదటి వరుస సంఖ్య ఒక్కటే రాస్తుంది. వారం వారం కాగితం చూసి ఎక్కించేవారు ఎక్కువగా చేసేది అదే. ఇంకొకటి, కారణం ఏ స్క్రిప్టూ రాయలేదు. రామనాగుడ వారు ‘బాగైంది’ అన్న మాటకు అర్థం మార్చుకున్నప్పుడు పట్టికలో ఒక్క గడి కూడా మారలేదు, కాబట్టి స్క్రిప్టుకు అది తెలిసే అవకాశమే లేదు.

అందువల్ల చిట్టాను రెండుగా ఆలోచించండి. విలువల మార్పులను స్క్రిప్టు రాసుకుంటుంది. నియమాల మార్పులను మనిషి రాయాలి, అవి ఏడాదికి పదో పన్నెండో ఉంటాయి కాబట్టి భారం కాదు. తేదీ, కాలమ్ పేరు, ఇంతకుముందు దాని అర్థం, ఇకమీదట అర్థం, ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు అన్నవి ఉంటే చాలు. కరణాల కాలం నుంచి లెక్క పుస్తకంలో తప్పు పడితే చెరపకుండా గీత కొట్టి, పక్కన సంతకం పెట్టేవారు. ఇక్కడ చేయవలసిందీ అంతే.

తేదీ కాలమ్‌కు రెండు పనులు చేయండి. కనిపించే రూపాన్ని `dd-mmm-yyyy` గా మార్చితే, చేత్తో కొట్టిన వెంటనే 06-Jul-2025 అని నెల పేరుతో కనబడుతుంది. జూన్ అనుకుని కొట్టినవారికి అప్పటికప్పుడే తెలుస్తుంది. తర్వాత బాగైన తేదీకి `Data validation` లో ఈ సూత్రం పెట్టి `Reject the input` ఎంచుకోండి.

```
=AND(ISNUMBER(D2), D2>=C2, D2<=TODAY())
```

అక్షరాలుగా పడిన తేదీ, ఫిర్యాదు కంటే ముందున్న తేదీ, ఇంకా రాని తేదీ మూడూ ఇక్కడే ఆగిపోతాయి. మీ అక్టోబరు 6 జూన్‌లోనే ఆగిపోయేది. అయితే వేరే చోటు నుంచి గడులను నకలు చేసి అతికిస్తే ఈ నియమం చెరిగిపోవచ్చు. కాబట్టి కాగితం చూసి ఎక్కించేవారు అతికించవలసి వస్తే విలువలు మాత్రమే అతికించే `Ctrl+Shift+V` వాడాలని నియమాల షీట్‌లో రాయండి.

కిన్వట్_పత్తి

ఊళ్ల పేర్ల సంగతి ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గర ఒకే ఊరిని తెలుగువారు ఒక రకంగా, మరాఠీవారు ఒక రకంగా రాస్తారు. మీకు ఒడియా కూడా ఉంది కదా.

వంశధార_తీరం

ఉందండీ. ఒక్క బిస్సంకటక్ బ్లాకు పేరే కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి, పొట్టిగా B.Cuttack అని ఒకసారి ఉంది. బ్లాకు పేర్లకు ఎంపిక జాబితా పెడతాను, అవి కొద్దిగానే ఉన్నాయి. ఊళ్లకు మాత్రం పేరుతోపాటు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని గ్రామ కోడ్ కూడా ఉండాలని కోరాలనుకుంటున్నాను. కానీ ఈ మెయిల్‌లో అది కలిపితే తేదీల వాదన పలచబడుతుందేమోనని ఆగాను.

పర్లాకిమిడి_పాతకాపు

ఆగడమే మంచిది. ఒక మెయిల్‌లో ఒక నిర్ణయం అడగండి. ఊరి కోడ్ నియమాల షీట్‌లో తర్వాతి పంక్తిగా దానంతట అదే వస్తుంది.

మెయిల్ వరుసలో ఒక మార్పు చెబుతాను. పార్వతీపురం మనిషైనా, రాయగడ మనిషైనా లీడ్ గారికి ముందుగా పట్టేది తాను సంతకం పెట్టి పంపిన అంకె సరైనదా కాదా అన్నదే. 92 రోజుల వరుసతో మొదలుపెట్టి, రామనాగుడ సంగతి రెండో పేరాలో పెట్టండి. స్క్రిప్టు, సూత్రం మెయిల్‌లో వద్దు. ఆయన నుంచి ఏమి కావాలో చివర్లో స్పష్టంగా రాయండి. ఇప్పుడున్న ముసాయిదాలో ‘నిర్ణయించి’ అన్నారు గానీ ఎవరు నిర్ణయించాలో లేదు.

వంశధార_తీరం

మొదటి రెండు పేరాలూ చాలావరకు అలాగే ఉంచి, మిగిలిన భాగం ఇలా మార్చి పంపాను.

> రామనాగుడ బ్లాకుకు ఎక్కువ రోజులు పడుతున్నట్టు కనిపించడానికి మరో కారణం కూడా ఉంది. ఆ బ్లాకు వారు గ్రామస్థులు నీళ్లు వస్తున్నాయని చెప్పిన తర్వాతే ‘బాగైంది’ అని రాస్తున్నారు, మిగిలిన మూడు బ్లాకుల వారు మెకానిక్ వచ్చిన రోజే రాస్తున్నారు. రెండూ ఒకే కాలమ్‌లో ఉన్నందున, ఈ రెంటిలో ఒక అర్థం ఖాయమయ్యే వరకు బ్లాకులను ఒకదానితో ఒకటి పోల్చడం న్యాయం కాదని మనవి చేస్తున్నాను.
>
> మీ నుంచి మూడు నిర్ణయాలు, ఒక అనుమతి కోరుతున్నాను. ‘బాగైంది’ అంటే ఏమిటో మీరు ఒక్క మాటలో ఖాయం చేయాలి. కాలమ్‌ల పేరు, రూపం, అర్థం మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి, ఆ మార్పు అమలుకు ముందే నియమాల చిట్టాలో చేరాలి. ఆఫీసు కంప్యూటర్‌లో నింపేవారు ఎవరి ఖాతా వారు తెరిచి నింపాలి. జూన్, జూలై వరుసల్లో నిజమైన తేదీ ఏదో పట్టికను బట్టి తేల్చలేనివి కొన్ని ఉన్నాయి, వాటిని కాగితపు రిజిస్టరుతో సరిచూసే వరకు సగటు నుంచి పక్కన పెట్టడానికి అనుమతి ఇవ్వగలరు.

లీడ్ గారు నిన్న సాయంత్రం జవాబు ఇచ్చారు. ‘బాగైంది’ అంటే గ్రామస్థులు నీళ్లు వస్తున్నాయని చెప్పిన రోజేనని, మెకానిక్ వచ్చిన రోజుకు వేరే కాలమ్ పెట్టమని రాశారు. నియమాల చిట్టాకు ఒప్పుకున్నారు. ఎవరి ఖాతా వారు తెరవడం మాత్రం కుదరదన్నారు, కొందరు సిబ్బందికి జీమెయిల్ ఖాతాలే లేవట. దానికి బదులు ‘నింపినవారు’ అన్న కాలమ్ పెట్టి పేరు ఎంచుకునేలా చేద్దామంటున్నారు. అది చాలుతుందా?

పర్లాకిమిడి_పాతకాపు

వరుసను మొదటిసారి నింపినవారి వరకు చాలుతుంది. తర్వాత దిద్దినవారు ఆ పేరు మార్చరు కాబట్టి దిద్దుబాట్లు పాత పేరు మీదే ఉండిపోతాయి. ‘చివరగా దిద్దినవారు’ అని ఇంకో కాలమ్ పెట్టవచ్చు గానీ, దానిని నింపమని ఎవరినీ బలవంతపెట్టే మార్గం నాకు కనిపించడం లేదు.

నాగావళి_లెక్కలు

గూగుల్ ఫారం ద్వారా కొత్త ఫిర్యాదులు తీసుకుని, పట్టికను దిద్దే హక్కు బ్లాకుకు ఒక్కరికే ఇస్తే? ఫారం నింపడానికి జీమెయిల్ ఖాతా లేకపోయినా ఫరవాలేదు, తేదీని కూడా క్యాలెండర్‌లో ఎంచుకోవచ్చు. అప్పుడు దిద్దే ఖాతాలు నాలుగే ఉంటాయి.

వంశధార_తీరం

ఈ మాట లీడ్ గారికి చెప్పి చూస్తాను. రామనాగుడ, బిస్సంకటక్ గ్రామాల్లో సిగ్నల్ లేనిచోట ఫారం తెరుచుకోదు, అక్కడివారు మళ్లీ కాగితం మీదే రాసుకొస్తారు. కాగితం నుంచి ఎక్కించేటప్పుడు ఫారంలో కూడా నేటి తేదీ కాకుండా కాగితం మీద ఉన్న తేదీనే ఎంచుకోవాలని నియమాల షీట్‌లో రాశాను. పాత కాగితాలు సరిచూసే పని పద్మపురం నుంచి మొదలుపెట్టాము.